ఇరవై దాటనీ, మాట్లాడతా

7, 11, 15, 20.

ఈ నాలుగు అంకెలు చూడగానే మీ గుండె కాస్త వేగంగా కొట్టుకుందంటే మీరు అకౌంట్స్‌లో పనిచేస్తున్నట్టే. 7వ తేదీకి టీడీఎస్ కట్టాలి. 11కి అమ్మకాల రిటర్ను, అంటే జీఎస్టీఆర్-1. 15కి పీఎఫ్, ఈఎస్‌ఐ. 20కి పన్ను కట్టే రిటర్ను, జీఎస్టీఆర్-3బి. నెల మారుతుంది, తేదీలు మారవు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు రిలీజ్ డేట్ గురించి గోల పెడతాం కానీ, మాది ఒక్కోసారి ఒక వారం జరుగుతుంది. వీళ్లది జరగాలంటే ఢిల్లీ నుంచి నోటిఫికేషన్ రావాలి.

మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో ఒక సీఏ ఆఫీసులో అకౌంటెంట్. వయసు 25. ఊరు తెనాలి, ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్లో. పేరు రాయొద్దంది, ఆఫీసు పేరైతే అస్సలు వద్దంది. కాబట్టి ఇక్కడ చెల్లి అనే రాస్తా. ఏడాదిన్నర పాటు ఎప్పుడు ఫోన్ చేసినా తన నోట ఒకటే మాట: “ఇరవై దాటనీ అన్నయ్యా, మాట్లాడతా.” నాతోనే కాదు, వాళ్ల మేనేజర్‌తో మాట్లాడటం కూడా ఇలాగే ఇరవై దాటేదాకా వాయిదా పడుతూ వచ్చింది. చివరికి ఈ ఫిబ్రవరిలో మాట్లాడింది. అది ఎలా మాట్లాడిందో చెప్పడానికే ఈ వారం కాలమ్.

14 నుంచి 23కి

చేరినప్పుడు తన చేతిలో 14 మంది క్లయింట్లు. హార్డ్‌వేర్ షాపు, రెండు మెడికల్ ఏజెన్సీలు, ఒక క్యాటరింగ్ ఆయన, ఇలా చిన్నా మధ్యరకం వ్యాపారాలు. తర్వాత పక్క సీటు అమ్మాయి ఉద్యోగం మారింది. “కొత్తవాళ్లు వచ్చేదాకా చూసుకోమ్మా” అని ఐదుగురిని ఇచ్చారు. కొత్తవాళ్లు రాలేదు. ఆర్టికల్స్ చేసే కుర్రాడు పరీక్షల సెలవు పెట్టాడు. “రెండు నెలలే” అని ఇంకో నలుగురు. కుర్రాడు తిరిగొచ్చాడు కానీ ఆ నలుగురూ తిరిగి వెళ్లలేదు. మొత్తం 23.

ఇక్కడ ఒకటి గమనించండి. తొమ్మిది మంది క్లయింట్లు పెరిగారని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. ఒక్కసారిగా పెట్టి ఉంటే తను అప్పుడే అడ్డం చెప్పేది. విడతలుగా, “కొన్నాళ్లే” అనే మాటతో వచ్చాయి. మేనేజర్ లెక్కలో ఆ అమ్మాయి ఇంకా 14 మందినే చూస్తున్నట్టు లేకపోవచ్చు కానీ, 23 అని కూడా లేదు. ఆయన కింద అలాంటివాళ్లు ఆరుగురు.

నిజానికి తను ఒకసారి ముందే చెప్పింది. అక్టోబర్ 17న, ఆయన టేబుల్ దగ్గర నిలబడి, “సార్, పని బాగా ఎక్కువైపోతోంది” అంది. ఆయన స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే “సీజన్ కదమ్మా, ఇరవై దాటనీ” అన్నారు. ఇరవై దాటింది. ఆయన మర్చిపోయారు. తనూ నిద్రపోయింది, నిజంగానే, ఆ ఆదివారం పద్నాలుగు గంటలు.

ఆ ప్రయత్నం ఎందుకు తేలిపోయిందో చూస్తే రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి తేదీ. 17న ఆయన తల మీద కూడా ఆ 20వ తేదీయే కూర్చుని ఉంటుంది. రెండోది మాట. “ఎక్కువ” అంటే ఎంత? ఆ ఆఫీసులో అందరికీ ఎక్కువే. ఆ మాటకి “సర్దుకో” తప్ప వేరే జవాబు ఎవరి దగ్గరా ఉండదు.

61,200

అలసట వల్ల తను మాట్లాడలేదు. అలసట అలవాటైపోయింది. మాట్లాడించింది ఒక బిల్లు.

హార్డ్‌వేర్ షాపు ఆయన జనవరి కొనుగోళ్ల బిల్లులు ఎక్సెల్‌లో పంపాడు. తను టాలీలో ఎక్కించేసింది. ఫిబ్రవరి 18 రాత్రి ఆయనే “ఇవి కూడా ఉన్నాయమ్మా” అంటూ వాట్సాప్‌లో ఇరవై ఫొటోలు పంపాడు. హాస్టల్ మంచం మీద కూర్చుని, ఒంటిగంట దాటాక, వాటినీ ఎక్కించింది. అందులో ఒక బిల్లు అప్పటికే ఎక్సెల్‌లో వచ్చినదే. ఎక్సెల్‌లో దాని నంబర్ 457, ఫొటోలో 0457. సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు వేర్వేరు బిల్లులు. సరుకు విలువ 3,40,000 రూపాయలు, 18 శాతం చొప్పున జీఎస్టీ 61,200. అంటే ఒకే బిల్లు మీద 61,200 క్రెడిట్ రెండుసార్లు తీసుకోబోతోంది.

20వ తేదీ సాయంత్రం రిటర్ను వేయబోతూ పట్టుకుంది. అమ్మిన వాళ్లు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లుల్ని బట్టి పోర్టల్ కొనేవాళ్లకి ఒక లెక్క తయారుచేసి ఇస్తుంది. దాన్ని 2బి అంటారు. అందులోని అంకె 3బిలో ముందే నిండి వస్తుంది. తను పెట్టబోయే అంకె దానికంటే సరిగ్గా 61,200 ఎక్కువ ఉంది. మామూలుగా అయితే తేడా వచ్చిందని 15, 16 తేదీల్లోనే బిల్లు బిల్లునీ పోల్చి చూసేది. ఆ నెల పోల్చడానికి టైమే లేదు.

వెళ్లిపోయి ఉంటే? ఆ క్రెడిట్‌ని పన్నుకి వాడుకుని ఉంటే, తర్వాత డబ్బు వెనక్కి కట్టాలి, ఏడాదికి 18 శాతం వడ్డీతో. డిపార్ట్‌మెంట్ నోటీసు వస్తే జవాబు చెప్పాల్సింది క్లయింటు, తలదించుకోవాల్సింది ఆఫీసు. ఆ రాత్రి తను నాకు ఫోన్ చేసి ఏడవలేదు. చాలా మామూలుగా అడిగింది: “ఇది దొరికింది అన్నయ్యా. దొరకనివి ఎన్ని ఉన్నాయో?”

పని ఎక్కువైతే మనిషి అరిగిపోతాడని అందరికీ తెలుసు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఇచ్చిన అధ్యయనం ప్రకారం, వారానికి 35-40 గంటలు పనిచేసే వాళ్లకంటే 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. కానీ ఆ ముప్పు ఆఫీసు పుస్తకాల్లో కనపడదు. 61,200 కనపడుతుంది. మేనేజర్‌తో మాటలు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చని మా ఇద్దరికీ అప్పుడే తట్టింది.

నెల రోజుల లాగ్

అదృష్టం ఏంటంటే, తన దగ్గర అప్పటికే ఒక లెక్క ఉంది. సంక్రాంతికి తెనాలిలో కలిసినప్పుడు నేనొక మాట అన్నాను. మా పనిలో సర్వర్ స్లోగా ఉందని చెబితే ఎవరూ నమ్మరు, ముందు లాగ్ చూపించమంటారు. నువ్వు కూడా ఒక చక్రం మొత్తం రాసి చూడు, అని. వారం రాస్తే సరిపోదు. 22 నుంచి 28 దాకా రాస్తే పని మామూలుగా ఉన్నట్టు కనిపిస్తుంది, 12 నుంచి 18 దాకా రాస్తే సీజన్ అనేస్తారు. అందుకే జనవరి 21 నుంచి ఫిబ్రవరి 20 దాకా, ఒక 20వ తేదీ దాటిన మర్నాటి నుంచి మళ్లీ 20 దాకా రాసింది.

ఎక్సెల్‌లో ఐదు గడులు: క్లయింటు, ఏం పని, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు, గంటలు. మొదటి వారమే ఒక చిక్కొచ్చింది. గంటల గడిలో కొన్నిచోట్ల అంకెకి బదులు ##### అని వస్తోంది. స్క్రీన్‌షాట్ పంపి ఎందుకని అడిగింది. రాత్రి 10.45కి మొదలెట్టి 1.10కి ముగించిన పని అది. ముగింపులోంచి మొదలు తీసేస్తే జవాబు మైనస్‌లో వస్తుంది, ఎక్సెల్ మైనస్ టైమ్‌ని చూపించలేదు. పని అర్ధరాత్రి దాటదనే నమ్మకంతో రాసుకున్న లెక్క కదా. ఇలా మార్చాం:

```
=MOD(D2-C2,1)*24
```

C గడి మొదలు, D గడి ముగింపు. అర్ధరాత్రి దాటినా గంటలు సరిగ్గా వస్తాయి.

నెల తిరిగేసరికి మొత్తం 289 గంటలు తేలాయి. ఆ చక్రంలో పని రోజులు 26. రోజుకి 8 చొప్పున 208 కావాలి. అంటే 81 గంటలు అదనం. ఫిబ్రవరి 11 నుంచి 20 దాకా, ఆదివారం కూడా కలుపుకుని పది రోజుల్లో 118 గంటలు. వారం లెక్కకి తెస్తే దాదాపు 83. మన చట్టాల్లో వారానికి 48 గంటలు అనేది ఎప్పటినుంచో ఉన్న హద్దు.

అయితే అసలు విషయం మొత్తం గంటల్లో లేదు. రెండో గడి, “ఏం పని” అన్నదాంట్లో ఉంది. బిల్లులు ఎక్కించడం, పోల్చడం, రిటర్ను తయారీ, అంటే అసలు అకౌంటెంట్ పనికి పట్టింది 171 గంటలు. క్లయింట్ల వెంటపడటానికి 64 గంటలు. ఫోన్లు, వాట్సాప్ ఫొటోలు ఏరుకోవడం, రిటర్ను వేసేటప్పుడు క్లయింటు ఫోన్‌కి వెళ్లే ఓటీపీ కోసం కాచుక్కూర్చోవడం అన్నీ ఇందులోకే వస్తాయి. క్యాటరింగ్ ఆయన పెళ్లి వంటల్లో ఉండి ఫోన్ ఎత్తకపోతే తయారైన రిటర్ను అలాగే ఆగిపోతుంది. ఇంకో 38 గంటలు, ముగించిన పనిని ఆలస్యంగా వచ్చిన బిల్లుల కోసం మళ్లీ విప్పి చేయడానికి. మిగతా 16 చిల్లర పనులు.

64, 38 కలిపితే 102. అదనంగా పడ్డ 81 కంటే ఎక్కువ! కాగితాలు టైముకి వచ్చి ఉంటే ఆ 23 మందితోనూ తను దాదాపు మామూలు వేళకే ఇంటికి వెళ్లగలదు. ఇంకా చూస్తే, ఆ 102లో 70 గంటలు ఆరుగురు క్లయింట్లవే. ఏడాదిన్నరగా “నేనే స్లోనేమో” అనుకుంటున్న పిల్ల ఆ అంకె చూసి కాసేపు ఏం మాట్లాడలేదు.

అరగంట

ఫిబ్రవరి 23 సాయంత్రం ఆయన్ని అడిగింది: “సార్, రేపు పొద్దున ఒక అరగంట కావాలి. నా క్లయింట్ల పని గురించి.” రాత్రి వాట్సాప్‌లో పెట్టలేదు. కారిడార్‌లో ఆపలేదు. 24 ఎందుకంటే, ఆ వారం అందరూ కాస్త ఊపిరి పీల్చుకుంటారు. పైగా మార్చి హడావుడికి ముందు, ఏప్రిల్‌లో ఎవరికి ఏ క్లయింట్లో తేల్చకముందు ఆ మాట ఆయన చెవిన పడాలి.

ఒక్క కాగితం ప్రింట్ తీసుకెళ్లింది. మర్నాడు తను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

“నేను ఆర్టికల్స్ చేసేటప్పుడు రాత్రి రెండింటిదాకా ఆఫీసులోనే ఉండేవాళ్లం తెలుసా?” అని మొదలుపెట్టారట ఆయన. తను వాదించలేదు. “అవును సార్” అని కాగితం ఆయన వైపు తిప్పింది.

ఆయన వేలు నేరుగా 64 మీదికి వెళ్లింది. “ఫోన్లు కూడా పనిలో రాశావా?”

“రాశాను సార్. ఆ ఫోన్ చేయకపోతే బిల్లు రాదు కదా సార్.”

“ఈ ఆరుగురూ ఎప్పుడూ ఇంతేనమ్మా. పాత క్లయింట్లు.”

అప్పుడు చెప్పింది, అన్నిటికంటే కష్టమైన మాట. “సార్, 20న హార్డ్‌వేర్ వాళ్లది 61,200 క్రెడిట్ డబుల్ పడింది. నేనే ఎక్కించాను, రాత్రి ఒంటిగంటకి.”

ఆయన కుర్చీలో నిటారుగా అయ్యారు. “ఫైల్ చేసేశావా?”

“లేదు సార్, వేసేముందు దొరికింది. కానీ ఆ నెల 23 మందిలో తొమ్మిది మందికే పూర్తిగా పోల్చగలిగాను. మిగతా 14 మందికి మొత్తం అంకె చూసి వేసేశాను.”

ఆ తర్వాత ఆయన పాత రోజుల గురించి మాట్లాడలేదట. కాగితం రెండోసారి, పైనుంచి కింది దాకా చదివారు.

తను మూడు అడిగింది. మొదటిది, కాగితాలకి గడువు: అమ్మకాల వివరాలు 5వ తేదీకి, కొనుగోళ్ల బిల్లులు 10కి. ఆ ఉత్తరం ఆఫీసు తరఫున వెళ్లాలి, తన వాట్సాప్ నుంచి కాదు. రెండోది, ఆ ఆరుగురినీ వేరేవాళ్లకి పంచడం. మూడోది, అదనపు గంటలకి డబ్బో, సెలవో.

గడువు విషయంలో ఆయన ఒక మంచి ప్రశ్న వేశారు. “10 తర్వాత బిల్లు పంపితే ఏం చేస్తావ్, పారేస్తావా?” తన జవాబు నాకు బాగా నచ్చింది. కొనుగోలు బిల్లు ఆలస్యమైతే దాని క్రెడిట్ వచ్చే నెలలో తీసుకోవచ్చు, క్లయింటుకి ఆ నెల కాస్త ఎక్కువ డబ్బు కట్టాల్సి వస్తుందంతే. అమ్మకం బిల్లు అలా కాదు, దాని పన్ను ఆ నెలదే, వదిలేస్తే వడ్డీ పడుతుంది. కాబట్టి అమ్మకాలవి ఎప్పుడొచ్చినా తీసుకుంటాం, కొనుగోళ్లవి 10 తర్వాత వస్తే వచ్చే నెలకి. ఒక్క నెల జేబులోంచి ఎక్కువ కడితే రెండో నెల వాళ్లే 8కి పంపుతారు. ఇది అలిగి పెట్టిన షరతు కాదు, పని తెలిసినవాళ్లు పెట్టిన షరతు. ఆయనకి కాదనడానికి ఏం దొరకలేదు.

ఏం వచ్చింది, ఏం రాలేదు

ఉత్తరం మార్చి మొదటి వారంలోనే అందరికీ వెళ్లింది, పార్ట్‌నర్ సంతకంతో. ఆరుగురిలో నలుగురిని ఏప్రిల్ నుంచి వేరేవాళ్లకి ఇచ్చారు, ఇద్దరు తన దగ్గరే ఉండిపోయారు. డబ్బు కుదరదన్నారు. ఫిబ్రవరి లెక్క కింద రెండు రోజుల సెలవు ఇచ్చారు.

మార్చి మాత్రం ఎప్పటిలాగే మార్చి. మెడికల్ ఏజెన్సీ ఆయన 10 దాటాక బిల్లులు పంపి, “ఎన్నాళ్లనుంచో మీ దగ్గరే చేయిస్తున్నా, ఇదేం కొత్త రూలు” అని ఫోన్లో అరిచాడు. తను “సార్‌తో మాట్లాడండి” అని ఇచ్చేసింది. ఉత్తరం ఆఫీసు పేరు మీద ఉండాలని పట్టుబట్టింది ఇందుకే. మాట్లాడాల్సిన వాళ్లే మాట్లాడారు. ఆయన ఏప్రిల్‌లో 9కి పంపాడు.

లాగ్ ఆపలేదు. మే 20తో ముగిసిన చక్రంలో అదనపు గంటలు 34. సున్నా కాదు. కానీ ఉన్న 19 మందికీ బిల్లు బిల్లునీ పోల్చగలిగింది. అందులో రెండు డబుల్ ఎంట్రీలు దొరికాయి, రెండూ 16వ తేదీన, పట్టపగలు.

ఇదంతా ఆ మేనేజర్ వినే రకం కాబట్టి నడిచిందని మీరు అనొచ్చు. నిజమే. కాగితం చూసి కూడా “సర్దుకో” అనేవాళ్లు ఉంటారు. అలాంటప్పుడు ఏం చేయాలో కూడా మేం ముందే అనుకుని పెట్టుకున్నాం. అదే రోజు మధ్యాహ్నం చిన్న మెయిల్: ఈరోజు ఈ విషయం మాట్లాడాం, నా దగ్గర 23 మంది ఉన్నారు, పోయిన నెల 14 మందికి పూర్తిగా పోల్చలేకపోయాను, మార్చి 25న మళ్లీ కూర్చుందాం. ఫిర్యాదు అనే మాట ఉండదు, కానీ తర్వాత తప్పు బయటపడితే “నాకెవరూ చెప్పలేదే” అనే అవకాశం కూడా ఉండదు. ఆ తర్వాత ఇంకో రెండు చక్రాలు చూడటం, ఏం మారకపోతే రెజ్యూమె తీయడం. జీఎస్టీ పని చేతికి వచ్చిన అకౌంటెంట్‌ని కావాలనే ఆఫీసులు ఈ ఊళ్లో తక్కువేం లేవు.

2024లో పుణెలో ఒక పెద్ద అకౌంటింగ్ సంస్థలో చేరిన నాలుగు నెలలకే చనిపోయిన 26 ఏళ్ల సీఏ అమ్మాయి గురించి చదివే ఉంటారు. పని భారమే తన బిడ్డని తీసుకెళ్లిందంటూ వాళ్లమ్మ ఆ సంస్థ చైర్మన్‌కి రాసిన ఉత్తరం మన అందరి ఫోన్లకీ వచ్చింది. మా పిన్ని దాన్ని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టి, కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ రోజుల్లో చెల్లి కొత్తగా ఉద్యోగం వెతుక్కుంటోంది.

మొన్న 18వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకి నాకు ఫోన్ వచ్చింది. నేనే భయపడి “ఏమైంది?” అన్నాను. “ఏం లేదు అన్నయ్యా, బిర్యానీకి వచ్చాం. కట్టేయ్, తర్వాత మాట్లాడతా” అంది.